టెస్ట్ ఫెయిలయ్యాక ఏం చేశారు?
సాఫ్ట్‌వేర్ టెస్టర్ రెజ్యూమేను ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టి చదివే పద్ధతి

సాఫ్ట్‌వేర్ టెస్టర్ల రెజ్యూమేలు పాతిక వరసగా చదివితే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. సెలీనియం, టెస్ట్ఎన్‌జీ, జెంకిన్స్, జిరా, ఎజైల్ అన్న మాటలు దాదాపు ప్రతి దానిలోనూ ఉంటాయి. ప్రకటనలోనూ అవే మాటలు ఉంటాయి కాబట్టి, మాటకు మాట సరిపోల్చుకుంటూ పోతే అందరూ అర్హులే అవుతారు. అలా చదివితే ఎవరినీ ఎంచలేం.

టెస్టర్ అసలు పని టెస్ట్ ఫెయిలైనప్పుడు మొదలవుతుంది. పాసైతే అందరూ ముందుకు సాగిపోతారు. ఫెయిలైతే మూడు ప్రశ్నలు వస్తాయి. తప్పు యాప్‌దా, టెస్ట్ స్క్రిప్టుదా? యాప్‌దే అయితే దాన్ని డెవలపర్ చేత ఒప్పించి, సరిచేయించే దాకా ఎవరు వెంటపడ్డారు? సరికాకపోతే ఆ వెర్షన్‌ను జనంలోకి వదలాలా, ఆపాలా? మొదటి ప్రశ్న టెస్ట్ ఆటోమేషన్‌కు సంబంధించింది, రెండోది డిఫెక్ట్ ట్రాకింగ్‌కు, మూడోది రిలీజ్‌కు. రెజ్యూమేలో ఈ మూడింటికి జవాబుల ఆనవాళ్లు ఉన్నాయా అని వెతకడమే నేను నమ్మే పద్ధతి.

ఒక నమూనా తీసుకుందాం. హైదరాబాద్‌లో చెల్లింపుల యాప్ తయారుచేసే ఒక కంపెనీ, మూడు నుంచి ఐదేళ్ల అనుభవమున్న టెస్టర్ కావాలని ప్రకటించింది అనుకుందాం. సెలీనియం, జావాలతో ఇప్పటికే ఉన్న ఆటోమేషన్ సూట్‌ను నిర్వహించాలి. డిఫెక్టులను జిరాలో ట్రాక్ చేస్తూ ట్రయాజ్ సమావేశాల్లో టెస్టింగ్ తరఫున మాట్లాడాలి. నెలకోసారి జరిగే ప్రొడక్షన్ రిలీజ్‌కు సైన్-ఆఫ్ ఇవ్వాలి. ఏపీఐ టెస్టింగ్ తెలిస్తే మంచిది.

రెజ్యూమే తెరవకముందే ఈ ప్రకటనను రెండుసార్లు చదవాలి. వీళ్లు అడిగింది సూట్‌ను నిర్వహించేవాళ్లను, కొత్తగా నిర్మించేవాళ్లను కాదు. ఈ రెండూ వేరు వేరు నైపుణ్యాలు. సైన్-ఆఫ్ అన్నారు కాబట్టి టెస్టులు నడిపి ఫలితం పంపితే చాలదు, నిర్ణయానికి బాధ్యత వహించాలి. ఏపీఐ టెస్టింగ్ తప్పనిసరి కాదు, అది లేదని ఎవరినీ పక్కన పెట్టకూడదు. తప్పనిసరివి మూడే. వాటిని కాగితం మీద రాసుకుని అప్పుడు రెజ్యూమే తెరవాలి.

వచ్చిన రెజ్యూమే నాలుగేళ్ల అనుభవమున్న అమ్మాయిది అనుకుందాం. చివరి 18 నెలలూ ఒక బీమా వెబ్‌సైట్ ప్రాజెక్టులో పనిచేసింది. ఆటోమేషన్ కింద మొదటి వాక్యం: పది నెలల్లో 600 టెస్ట్ కేసులను సెలీనియంతో ఆటోమేట్ చేశాను.

సెలీనియం అనేది బ్రౌజర్‌ను మనిషిలాగే నడిపించే ఉచిత సాధనం. 2004లో థాట్‌వర్క్స్ కంపెనీలో జేసన్ హగ్గిన్స్ దీన్ని మొదలుపెట్టారు. లాగిన్ పెట్టెలో పేరు కొట్టడం, బటన్ నొక్కడం, వచ్చిన పేజీలో సరైన మొత్తం కనిపించిందో లేదో చూడడం వంటివన్నీ ఒక స్క్రిప్టుగా రాస్తే అది రాత్రంతా తనంతట తానే నడుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పది నెలలంటే సుమారు 200 పనిదినాలు. 600 కేసులంటే రోజుకు మూడు. స్క్రీన్ల మీద నడిచే ఒక మోస్తరు టెస్ట్ రాసి, నిలకడగా నడిచేలా చేయడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. పైగా అదే సమయంలో కొత్త ఫీచర్లను చేత్తో టెస్ట్ చేయడం, పాత స్క్రిప్టులను సరిచేయడం కూడా ఉంటాయి. కాబట్టి ఒక్కరే 600 రాశారంటే నమ్మడం కష్టం. అంతమాత్రాన అబద్ధమని తేల్చనక్కర్లేదు. 60 స్క్రిప్టులు రాసి, ఒక్కోదాన్ని పది రకాల పాలసీల డేటాతో నడిపితే 600 అవుతాయి. లేదా బృందమంతా కలిసి రాసినవి కావచ్చు. ఆ అంకె పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లాలి.

ఆ కిందే ఇంకో వాక్యం ఉంది: రాత్రి రన్‌ను జెంకిన్స్‌లో ఐదు మెషీన్ల మీద సమాంతరంగా నడిపి, ఉదయం ఫెయిల్యూర్లను విశ్లేషించి, స్క్రిప్ట్ లోపాలను వేరుచేసేదాన్ని. పెద్ద అంకె లేకపోయినా బరువైన వాక్యం ఇదే. టెస్టుకు నిమిషం చొప్పున 600 టెస్టులు ఒకదాని తర్వాత ఒకటి నడిస్తే పది గంటలు పడుతుంది. ఐదు మెషీన్లకు పంచితే సుమారు రెండు గంటలు. ఆ ఇబ్బంది పడ్డవాళ్లకే ఈ వివరం రాయాలని తోస్తుంది.

ఉదయం ఫెయిల్యూర్లను వేరుచేయడం అన్నది ఇంకా ముఖ్యమైన మాట. రాత్రి ఫెయిలైనవాటిలో నిజమైన లోపాలు కొన్నే ఉంటాయి. మిగతావాటిలో ఒకచోట బటన్ ఐడీ మారిపోయి ఉంటుంది, ఇంకోచోట పేజీ ఆలస్యంగా తెరుచుకుని ఉంటుంది, మరోచోట టెస్ట్ డేటాను ఎవరో వాడేసి ఉంటారు. ఒకరోజు పాసై, మర్నాడు ఏ మార్పూ లేకుండానే ఫెయిలయ్యే టెస్టులను ఈ రంగంలో ఫ్లేకీ టెస్టులంటారు. కొత్తవాళ్లు దీనికి `Thread.sleep(5000)` అని రాసి ప్రతిసారీ ఐదు సెకన్లు ఊరికే ఆగేలా చేస్తారు. అనుభవమున్నవాళ్లు కావలసిన బటన్ సిద్ధమయ్యే దాకానే ఆగే `WebDriverWait` వాడతారు. ఫ్లేకీ టెస్టులను ఎలా తగ్గించారో ఒక్క వాక్యం రాసినా ఆ మనిషి సూట్‌తో కలిసి బతికినట్టే. ఈ అమ్మాయి ఫ్రేమ్‌వర్క్‌ను తానే నిర్మించానని ఎక్కడా రాయలేదు. ప్రకటన అడిగింది నిర్వహణే కాబట్టి ఇక్కడ సరిపోయినట్టే.

తేదీలు కూడా చూడాలి. ప్లేరైట్ అనే సాధనాన్ని మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసింది. 2018లో ముగిసిన ప్రాజెక్టు కింద ఆ పేరుంటే ఎక్కడో పొరపాటు జరిగింది, లేదా ఇంకొకరి రెజ్యూమే నుంచి తెచ్చిపెట్టారు.

రెండోది డిఫెక్ట్ ట్రాకింగ్. రెజ్యూమేలో ఒకే వాక్యం ఉంది: జిరాలో 850 డిఫెక్టులను లాగ్ చేసి, ట్రాక్ చేసి, క్లోజ్ చేయించాను. ఈ అంకె నుంచి తెలిసేది చాలా తక్కువ. కోడ్ నాసిగా ఉంటే ఎవరికైనా వందల లోపాలు దొరుకుతాయి. ఒకే లోపాన్ని పది స్క్రీన్లలో చూసి పదిగా నమోదు చేసినా లెక్క పెరుగుతుంది. డెవలపర్లు వాటిలో ఎన్నింటిని తిరస్కరించారో, సరిచేశామన్న తర్వాత ఎన్ని మళ్లీ తెరవాల్సి వచ్చిందో తెలియకుండా 850కి విలువ లేదు.

చెల్లింపుల యాప్‌లో ఇది ఎలా ఉంటుందో చూడండి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు చెల్లించు బటన్‌ను రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. టెస్టర్ నమోదు చేస్తే, తన మెషీన్‌లో అలా జరగడం లేదని డెవలపర్ తిప్పి పంపుతాడు. అతని నెట్ వేగంగా ఉంది కాబట్టి అతనికి నిజంగానే జరగదు. మంచి టెస్టర్ అక్కడ ఆగదు. ఏ బిల్డ్‌లో, ఏ ఫోన్‌లో, నెట్ వేగం ఎంతకు తగ్గించినప్పుడు, ఎంత తేడాతో రెండుసార్లు నొక్కితే జరిగిందో రాసి, ఒకే ఆర్డర్‌కు రెండు రిక్వెస్టులు వెళ్లినట్టు చూపే లాగ్‌ను జతచేసి టికెట్‌ను మళ్లీ తెరుస్తుంది. ఆ తర్వాత ట్రయాజ్ సమావేశంలో, ఇది అరుదుగా జరిగినా తీవ్రత ఎక్కువ కాబట్టి ముందుగా సరిచేయాలని వాదిస్తుంది. తీవ్రత అంటే నష్టం ఎంతన్నది, ప్రాధాన్యం అంటే ఎంత త్వరగా సరిచేయాలన్నది. ఈ రెండింటినీ విడదీసి మాట్లాడగలగడమే ప్రకటనలో ట్రయాజ్ అన్న మాటకు అర్థం.

ఈ అమ్మాయి రెజ్యూమేలో ఆ ఆనవాలు లేదు. అలాగని పని చేయలేదని కాదు, రాయలేదు అంతే. ఈ అంశాన్ని తేలలేదు అని గుర్తుపెట్టి, ఇంటర్వ్యూకు ఒక ప్రశ్న దాచుకోవాలి: డెవలపర్ తిరస్కరించగా మీరు నిరూపించిన ఒక లోపం గురించి చెప్పండి. నిజంగా చేసినవాళ్లు బిల్డ్, డేటా, లాగ్ అంటూ వివరాల్లోకి దిగుతారు. చేయనివాళ్లు డిఫెక్ట్ లైఫ్ సైకిల్ పాఠం అప్పజెబుతారు.

మూడోది రిలీజ్. చాలా రెజ్యూమేల్లో రిలీజ్ పనుల్లో పాల్గొన్నాను అని మాత్రమే ఉంటుంది. ఆ మాటలోంచి పాత్ర ఏమిటో తెలియదు. ఇక్కడ మాత్రం వివరం ఉంది: 14 ప్రొడక్షన్ రిలీజులకు డిప్లాయ్‌మెంట్ తర్వాత స్మోక్ టెస్ట్ చేశాను, ఒకసారి ప్రీమియం లెక్క తప్పడంతో రోల్‌బ్యాక్‌కు సిఫార్సు చేశాను. ఆ ప్రాజెక్టులో నెలకోసారి రిలీజ్ అయితే 18 నెలల్లో 14 అన్నది సహజమైన లెక్క. రోల్‌బ్యాక్ అంటే కొత్త వెర్షన్‌ను వెనక్కి తీసుకోవడం. ఎంతోమంది ఎదురుచూస్తున్న రిలీజ్‌ను ఆపమని చెప్పడానికి గుండె దిటవు, చేతిలో ఆధారం రెండూ కావాలి.

టెస్టింగ్ వాతావరణంలో అన్నీ పాసైనా రిలీజ్ సమయంలో దెబ్బతినవచ్చు. అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 2012 ఆగస్టు 1న అలాగే నష్టపోయింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. మిగిలిన ఒక్క సర్వర్‌లో పాత కోడ్ మేల్కొని అడ్డదిడ్డంగా ఆర్డర్లు పంపింది. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కోడ్ సరిగా రాశారా అన్న పరీక్ష వేరు, సరైన కోడ్ అన్నిచోట్లకూ చేరిందా అన్న పరీక్ష వేరు. డిప్లాయ్‌మెంట్ తర్వాతి స్మోక్ టెస్ట్‌లో ఈ రెండోదాన్నీ చూసే టెస్టర్ ఉంటే అలాంటి తేడా త్వరగా బయటపడే వీలుంటుంది. అయితే సిఫార్సు చేయడానికీ సైన్-ఆఫ్ ఇవ్వడానికీ దూరం ఉంది. ఆ రోజు చివరి మాట ఎవరిది, ఏ లోపాలను తెలిసీ వదిలారు అని ఇంటర్వ్యూలో అడగాలి.

మొత్తం లెక్క చూస్తే ఆటోమేషన్ సరిపోయింది, డిఫెక్ట్ ట్రాకింగ్ తేలలేదు, రిలీజ్ చాలావరకు సరిపోయింది. పిలవాల్సిన రెజ్యూమే ఇది. అదే ప్రకటన కొత్త ఫ్రేమ్‌వర్క్ నిర్మించాలని అడిగి ఉంటే, ఇదే రెజ్యూమేకు నా జవాబు వేరుగా ఉండేది.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఒప్పందాల వల్ల కొందరు ప్రాజెక్టు వివరాలు రాయలేరు. బాగా పనిచేసేవాళ్లందరికీ బాగా రాయడం రాదు. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లలో చాలామందికి ఒక నమూనా రెజ్యూమే చేతికొస్తుంది. అవే వాక్యాలు పది మంది కాగితాల్లో కనిపిస్తాయి. అక్కడ నేర్చుకోవడం తప్పు కాదు, అక్కడి నుంచి వచ్చి గొప్ప టెస్టర్లయినవాళ్లు ఉన్నారు. కానీ అరువు వాక్యాల వెనుక సొంత పని కనిపించకుండా పోతుంది. అందుకే రెజ్యూమే చూసి ఉద్యోగం ఇవ్వకూడదు, ఎవరిని పిలవాలో, ఏం అడగాలో మాత్రమే తేల్చుకోవాలి.

టెస్టర్ ఉద్యోగం వెతుకుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. నమూనా వాక్యాలు తీసేయండి. ప్రతి ప్రాజెక్టు కింద మూడు విషయాలు మీ మాటల్లో రాయండి: ఫెయిలైన టెస్టులను ఎలా వేరుచేశారు, మీరు నిరూపించిన ఒక లోపం ఏమిటి, రిలీజ్ రోజు మీ పని ఏమిటి. చిన్న పనైనా సరే, చేసినది చేసినట్టు రాయండి. చదివేవాళ్లు ఆగి చూసేది ఆ వాక్యాల దగ్గరే.