సంతకాలు లెక్కపెడితే తేలిన ధర

మా జిమ్ములో గుమ్మం పక్కనే ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు, టైము రాసి సంతకం పెట్టాలి. డిసెంబరు చివర్లో కౌంటర్ దగ్గరి కుర్రాడు ఫోన్ చేసి, "సార్, ఈ వారంలో రెన్యూ చేసుకుంటే వెయ్యి తగ్గిస్తాం" అన్నాడు. వెళ్లి ఆ పుస్తకం అడిగి తీసుకుని, నా సంతకాలు లెక్కపెట్టాను. జనవరిలో 19, ఫిబ్రవరిలో 14, మార్చిలో 9, ఏప్రిల్లో 5. ఆ తర్వాత ఎనిమిది నెలలకూ కలిపి 13. జూన్‌లోనూ అక్టోబరులోనూ ఒక్కటీ లేదు. మొత్తం 60.

నేను కట్టింది ఏడాదికి 12,000, అడ్మిషన్ ఫీజు ఇంకో వెయ్యి. 13,000ను 60తో భాగిస్తే ఒక్కసారికి దాదాపు 217 రూపాయలు పడింది. జిమ్ము మూడు కిలోమీటర్ల దూరం, రానూపోనూ పెట్రోలు ఒక 15 రూపాయలు వేసుకుంటే 232. అదే జిమ్ములో మెంబరు కానివాళ్లు ఒక పూటకు 150 ఇచ్చి చేసుకుని పోతారు. వాళ్ల పద్ధతిలో నా 60 సార్లకూ అయ్యేది 9,000. తక్కువకు వస్తుందని ఏడాది కట్టినవాణ్ని, ఎప్పుడో ఒకసారి వచ్చేవాడికంటే ఎక్కువ ఇచ్చానన్నమాట.

ఇది నా ఒక్కడి బద్ధకమేమో అనుకుంటే, అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇదే లెక్కను వేలమంది మీద కట్టి చూశారు. స్టెఫానో డెలావిన్యా, ఉల్రికే మాల్‌మెండియర్ మూడు హెల్త్ క్లబ్బుల హాజరు రికార్డులు తీసుకుని 7,752 మంది మెంబర్ల రాకపోకలు పరిశీలించారు. 2006లో వాళ్ల వ్యాసం అచ్చయింది. నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవాళ్లు సగటున నెలకు వెళ్లింది 4.3 సార్లే. ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. పదిసార్ల పాస్ కొనుక్కుంటే అక్కడ ఒక్కోసారికి 10 డాలర్లే. నెలకు ఎన్నిసార్లు వెళ్తారని అడిగితే మాత్రం జనం చెప్పిన సంఖ్య అసలు హాజరుకు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది. అంటే ధర దగ్గర మనం మోసపోవడం లేదు, భాగించే సంఖ్య దగ్గర మోసపోతున్నాం. రసీదు మీద 12,000 అని స్పష్టంగా ఉంటుంది. ఎన్నిసార్లు వెళ్తామన్నది మాత్రం కట్టే రోజు ఉత్సాహాన్ని బట్టి మనమే వేసుకుంటాం.

ఏడాది డిస్కౌంటు మాయ కూడా అక్కడే ఉంది. మా జిమ్ములో నెలకు 1,800. పన్నెండు నెలలకు 21,600 అయ్యేది 12,000కే ఇస్తున్నారంటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ నేను నిజంగా వెళ్లింది మొదటి నాలుగు నెలలు. అడ్మిషన్‌తో కలిపి ఆ నాలుగు నెలలకు 8,200 కట్టి ఆపేసి ఉంటే, 47 సార్లకు సగటున 174 పడేది. మిగతా 4,800తో నేను కొనుక్కున్నది మే నుంచి డిసెంబరు దాకా వెళ్లిన ఆ 13 సార్లు. ఒక్కోటి 369 రూపాయలు!

అలాగని నెలవారీ పద్ధతి పూర్తిగా సురక్షితం కాదు. పైన చెప్పిన పరిశీలనలో, నెలనెలా కట్టేవాళ్లు చివరిసారి వెళ్లాక మెంబర్‌షిప్ రద్దు చేసుకోవడానికి సగటున 2.3 నెలలు పట్టింది. 'రేపట్నుంచి వెళ్దాంలే' అనుకుంటూనే ఉంటారు, ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంటుంది. ఆటోపే పెట్టకుండా ప్రతి నెలా చేత్తో కట్టడమే దీనికి మందు.

ఈ లెక్కలన్నీ అయ్యాక నేను రెన్యూ చేయకుండా ఇంటికి సామాన్లు కొన్నాను. 20 కిలోల ఇనుప ప్లేట్లు కిలో 150 చొప్పున 3,000, రెండు డంబెల్ రాడ్లు 700, మ్యాట్ 700, సాగే బ్యాండ్ల సెట్ 800, స్కిప్పింగ్ తాడు 200. మొత్తం 5,400. జిమ్ములో నాకు పడిన 217తో పోలిస్తే, ఇంట్లో 25 సార్లు చేసేసరికి ధర సమానమైపోతుంది. 60 సార్లు చేస్తే ఒక్కోసారికి 90. రెండో ఏడాది కొత్తగా కట్టేదేమీ ఉండదు కాబట్టి మళ్లీ 60 చేస్తే 45కు దిగుతుంది. జిమ్ము లెక్క ప్రతి జనవరికీ మళ్లీ మొదటికొస్తుంది, ఇంటి లెక్క దిగుతూ పోతుంది.

కానీ ఇక్కడా భాగించే సంఖ్యే అసలు సంగతి. పదిసార్లు చేసి ఆ రాడ్లు మంచం కిందికి తోసేస్తే ఒక్కోటి 540 పడ్డట్టు. కాబట్టి కొనేముందు నేనొక పరీక్ష పెట్టుకున్నాను. మ్యాట్ ఒక్కటే కొని, నెల రోజుల్లో పన్నెండుసార్లు గుంజీళ్లు, దండీలు, ప్లాంక్ చేసి క్యాలెండర్ మీద టిక్కు పెట్టాలి. పన్నెండు టిక్కులు పడ్డాకే ఇనుము కొన్నాను. ట్రెడ్‌మిల్ లాంటి పెద్దవాటికి ఈ పరీక్ష ఇంకా అవసరం. 30,000 పెట్టి కొన్నది వందసార్లు వాడినా ఒక్కోసారికి 300. కరెంటు, బెల్టుకు ఆయిలు, రిపేరు దానికి అదనం.

చవక సామాన్లలో తేడా తెలుసుకోవాలి. పీవీసీ ప్లేట్ల లోపల ఉండేది సాధారణంగా సిమెంటు లాంటి పిండి. కింద పడితే అంచు పగిలి పొడి రాలుతుంది. ఇనుముకు ఆ బెడద లేదు, పాతబడ్డా తూకానికి కొనేవాళ్లుంటారు. రబ్బరు బ్యాండు ఎప్పటికీ ఉండేది కాదు. సాగదీసి వెలుతురులో చూస్తే సన్నని పగుళ్లు కనిపించినా, పిడి దగ్గర తెల్లబడినా పారేయాలి. అది తెగితే నేరుగా మొహానికే వస్తుంది.

ఇంటికి ఇంకో హద్దు కూడా ఉంది. 20 కిలోలు భుజాలకు, చేతులకు చాలాకాలం సరిపోతాయి గానీ కాళ్లకు కొన్ని నెలల్లోనే తేలికైపోతాయి. బరువులు పెంచుకుంటూ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేయాలనుకునేవాళ్లకు రాక్, పొడవాటి బార్, చాలా ప్లేట్లు, వాటికి చోటు కావాలి. అవన్నీ కొనేకంటే జిమ్మే చవక. అసలు బరువెత్తడమే కొత్తయితే, నడుం వంచకుండా ఎలా లేపాలో పక్కన నిలబడి సరిదిద్దేవాడికి ఇచ్చే రెండు నెలల ఫీజు వృథా కాదు.

మా వదిన లెక్క మరోలా తేలింది. ఆమె ఏడాదికి 12,000 కట్టి లేడీస్ టైములో వారానికి నాలుగుసార్లు వెళ్తుంది. పండగలు, ఊళ్లు పోనూ 180 సార్లు దాటాయి, ఒక్కోటి 67 రూపాయల లోపే. ఇంట్లో మ్యాట్ పరిచిన ఐదు నిమిషాలకు కుక్కర్ కూతో, కాలింగ్ బెల్లో లేపుతుందట. "ఆ గంటలో నన్నెవరూ పిలవరు మరిదీ, దానికే కడుతున్నా" అంటుంది.

ఈ ఏడాది క్యాలెండర్ మా వంటింటి తలుపుకు వేలాడుతోంది. నిన్నటికి 31 టిక్కులు, అంటే ఒక్కోసారికి 174 రూపాయలు. జిమ్ము ధరను దాటేసి ఆరు టిక్కులైంది.