గోత్రం గడిల ఏం రాయాలె?

మొన్న నా దోస్తు ఒకడు రెండు బయోడేటాలు పట్టుకొని ఇంటికొచ్చిండు. వాళ్లు బ్రాహ్మణులు. వాని బిడ్డ ఒక పిలగాన్ని ఇష్టపడ్డది. వీళ్లది నల్గొండ దిక్కు, పిలగానిది రాజమండ్రి. చుట్టరికం ఏడ లేదు. కానీ పురోహితుడు మాత్రం ఈ పెండ్లి కుదరదన్నడట. "మాది కౌండిన్యస, వాళ్లది పరాశర. పేర్లే వేరు గదా అన్నా, ఇంక అడ్డమేంది?" అని అడిగిండు.

నేను సంస్కృతం చదువుకున్నోన్ని కాదు. అడిగి, వెతికి తెలుసుకున్నోన్ని. తెలుసుకున్నది ఇక్కడ చెప్త.

గోత్రం అన్న మాటకు పాత అర్థం ఆవుల దొడ్డి. వేదాల కాలంల ఆవులే ఆస్తి. ఒక దొడ్డిల ఆవులు కట్టేసుకునేటోళ్లు ఒక గుంపు అయిండ్రు, ఆ గుంపుకే తర్వాత ఆ పేరు నిలిచింది. బౌధాయనుని సూత్రాల లెక్క ప్రకారం మూలం ఎనిమిది మంది రుషులు: విశ్వామిత్రుడు, జమదగ్ని, భరద్వాజుడు, గౌతముడు, అత్రి, వసిష్ఠుడు, కశ్యపుడు, వీళ్లకు తోడు అగస్త్యుడు. వీళ్ల సంతానమే గోత్రాలని చెప్పిండ్రు. మనోళ్లు "కౌండిన్యస గోత్రం" అంటరు చూడుండ్రి, ఆ చివరి "స" పేరుల భాగం కాదు. "కౌండిన్య సగోత్రుడు", అంటే కౌండిన్యునితోని ఒకటే గోత్రం ఉన్నోడు అన్న మాట విరిగి అట్ల మిగిలింది.

నా దోస్తు పేచీ గోత్రంల లేదు, ప్రవరల ఉన్నది. ప్రవర అంటే ఆ వంశంల చెప్పుకునే రుషుల వరుస. కౌండిన్యస గోత్రపోళ్లు వసిష్ఠ, మైత్రావరుణ, కౌండిన్య అని మూడు పేర్లు చెప్తరు. పరాశర గోత్రపోళ్లు వసిష్ఠ, శాక్త్య, పారాశర్య అంటరు. రెండిట్ల వసిష్ఠుడున్నడు. ఒక్క రుషి కలిసినా అన్నాచెల్లెండ్ల వరుసే అని శాస్త్రం అంటది. గందుకే పేర్లు వేరైనా పురోహితుడు వద్దన్నడు.

మరి ఈ నియమం అందరికీ ఒక్కతీరుగ ఉన్నదా? లేదు. గౌతమ గోత్రం, భారద్వాజ గోత్రం రెండిటి ప్రవరల ఆంగిరసుడు ఉన్నడు. అయినా వాళ్ల నడుమ పెండ్లిళ్లు అయితున్నయి. భృగువు, అంగిరసుడు ఈ రెండు గుంపులకు మాత్రం ఒక్క పేరు కలిస్తే సాలదు, ఎక్కువ పేర్లు కలవాలె అని మినహాయింపు పెట్టుకున్నరు. అంటే రాసుకున్నోళ్లే అవసరమున్న కాడ సడలించుకున్నరన్నట్టు.

"రక్తం ఒకటే అయితే పిల్లలకు జబ్బులొస్తయి, గందుకే పెద్దలు పెట్టిండ్రు" అని ఈ మధ్య సైన్సు మాట చెప్తున్నరు. లెక్క చూద్దాం. మన దిక్కు మేనమామ బిడ్డను చేసుకుంటరు. గోత్రం తండ్రి నుంచే వస్తది. పిలగానిది వాళ్ల నాయన గోత్రం, పిల్లది మేనమామ గోత్రం. కాగితం మీద రెండు వేరు, పెండ్లికి అడ్డం లేదు. కానీ ఇద్దరికీ ఒకే తాత, ఒకే అవ్వ. అదే నా దోస్తు బిడ్డ, ఆ రాజమండ్రి పిలగాడు ఎన్ని తరాలు ఎనుకకు పోయినా ఒక మనిషి కాడ కలిసిన జాడ లేదు. దగ్గరి రక్తాన్ని వదిలిపెట్టి దూరపు పేరును పట్టుకునే నియమం జబ్బుల కోసం పెట్టింది ఎట్లయితది? అది తండ్రి వరుసను కాపాడే లెక్క. పెండ్లితోని ఆడపిల్ల గోత్రం మారుడు కూడా ఆ లెక్కల భాగమే. ఎన్నడూ ఇట్లనే ఉన్నదనుకోవద్దు. మన శాతవాహన రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి గోత్రం పేరుతోనే శాసనాలేసుకున్నరు.

ఇగ రుషి లేనోళ్ల సంగతి. క్షత్రియులకు, వైశ్యులకు సొంత రుషి గోత్రం లేదు, వాళ్ల పురోహితుని గోత్రమే వాళ్లది అని మితాక్షర వ్యాఖ్యానంల ఉన్నది. అంటే అక్కడ గోత్రం రక్తం గుర్తు కాదు, పురోహితుని గుర్తు. మన ఊర్లల్ల ఎక్కువ కులాలకు ఇంటిపేరే గోత్రం పని చేస్తది, ఒకే ఇంటిపేరోళ్లు పెండ్లి చేసుకోరు. ఆదిలాబాద్ రాజ్‌గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగ ఉంటరు, ఒక సగల వాళ్లు అండ్లనే ఇయ్యరు, తేరు. వాళ్ల ఏర్పాటుకు ఏ రుషితోని పనిలేదు.

చిన్నప్పుడు మా నాయినతోని ఒక గుడికి పోయిన. అర్చన చీటి కాడ "గోత్రం?" అని అడిగిండ్రు. మా నాయిన మాట్లాడలే. ఎనుక లైను నిలబడ్డది. "తెల్వకుంటే కాశ్యప అను, తెల్వనోళ్లందరిదీ అదే" అన్నడు అయ్యగారు. సకల జీవులు కశ్యపుని సంతానమే అన్న కథను పట్టుకొని అట్ల చెప్తరు. ఆయన మంచిగనే అన్నడు. కానీ మా నాయిన తల దించుకున్నది నాకు ఇప్పటికీ యాదికున్నది. గుడిల గోత్రం అడిగేది సంకల్పంల చదవడానికి. ఫలానా గోత్రం, ఫలానా నక్షత్రం, ఫలానా పేరు అని దేవుని ముందు మనిషిని గుర్తుపట్టించే అడ్రసు అది. అడ్రసు లేనోడు తక్కువోడు కాదు. తెల్వకుంటే గడి ఖాళీగ ఇడువుండ్రి, లేకుంటే పేరు, నక్షత్రం చెప్పుండ్రి. సిగ్గుపడే పని లేదు.

పెండ్లి కాగితం సంగతి వేరే. గోత్రం, ప్రవర కలిసినయన్న కారణంతోని హిందూ పెండ్లి చెల్లకుండ పోదని 1946లనే చట్టం వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టంల కూడా గోత్రం అడ్డం కాదు. ఆ చట్టం చూసేది సపిండ వరుస: తనతోని కలిపి లెక్కిస్తే తండ్రి దిక్కు ఐదు తరాలు, తల్లి దిక్కు మూడు తరాలు. ఆ లెక్కల మేనరికమే తగులుతది. ఆచారం ఉన్నోళ్లకు మినహాయింపు ఇచ్చిండ్రు కాబట్టి అది నడుస్తున్నది. పురోహితుడు చేయనంటే ఆయనను బలవంతం చేసే చట్టం లేదు. కానీ 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై దినాల నోటీసు ఇచ్చి, ఏ తంతు లేకుండ రిజిస్ట్రారు ముందు చేసుకోవచ్చు.

ఇది చిన్న ముచ్చట కాదు. 2007ల హర్యానాల మనోజ్, బబ్లీ అనే జంట ఒకే గోత్రం అయ్యుండి పెండ్లి చేసుకున్నరని పిల్ల తరఫోళ్లే సంపిండ్రు. 1946 చట్టానికి అప్పటికి అరవై ఏండ్లు దాటినయి.

ఇదంతా నా దోస్తుకు చెప్పిన. సేపు ఊకున్నడు. "మరి మా అమ్మకేం చెప్పాలె?" అన్నడు. "ఆమెకు, మీ నాయినకు వరుస ఏంది?" అని అడిగిన. "మేనబావ" అన్నడు. అని ఆయనే నవ్విండు. నోటీసు ఫారం ఎక్కడ దొరుకుతదో అడిగి రాసుకొని పోయిండు.