ఒకే జమ, నాలుగు బిల్లులు

హైదరాబాద్ జీడిమెట్లలో మోటార్ వైండింగ్ చేసే ఒక చిన్న భాగస్వామ్య సంస్థ ఉందనుకుందాం. ఒక పెద్ద మందుల ఫ్యాక్టరీలో కాలిపోయిన మోటార్లను తెచ్చుకుని, కొత్త వైండింగ్ చుట్టి తిరిగి పంపడం దాని పని. మోటార్లు పంపిన ప్రతిసారీ ఒక బిల్లు వెళ్తుంది. డబ్బు మాత్రం బిల్లుకొకసారి రాదు. నెలకు ఒకటి రెండుసార్లు, కొన్ని బిల్లులకు కలిపి ఒకే మొత్తంగా ఖాతాలో పడుతుంది.

ఒకరోజు బ్యాంకు స్టేట్‌మెంటులో 2,46,880 రూపాయల జమ కనిపించింది. పక్కన పంపినవారి పేరు, ఒక పొడవాటి నంబరు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి అప్పటికి ఐదు బిల్లుల డబ్బు రావాలి. 112వ బిల్లు 47,200. 113వది 61,360. 115వది 76,700. 118వది 33,040. 121వది 1,06,200. వీటిని ఎలా కలిపి కూడినా 2,46,880 రాదు.

ఈ చిక్కు విప్పేది రెమిటెన్స్ అడ్వైస్ (పంపిన డబ్బు ఏ బిల్లులకో చెప్పే వివరపత్రం). ఆఫీసుల్లో పేమెంట్ అడ్వైస్ అని కూడా అంటారు. సాధారణంగా అది ఈమెయిల్లో వస్తుంది. చాలామంది దాన్ని డబ్బు పంపామన్న మర్యాద కబురుగా చూసి, బ్యాంకులో జమ కనబడగానే పక్కన పెడతారు. అసలు సమాచారం మాత్రం అందులోనే ఉంటుంది. బ్యాంకు సందేశంలో వివరానికి చోటు చాలా తక్కువ. నాలుగు బిల్లుల నంబర్లు, వాటి కోతలు అందులో పట్టవు. అందుకే డబ్బు ఒక దారిన, దాని లెక్క ఇంకో దారిన వస్తాయి.

అది ఎలా తయారవుతుందో చూస్తే, అందులో ఏముంటుందో అర్థమవుతుంది. ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగం ప్రతి బిల్లునూ తన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంది. మోటారు అందినట్టు స్టోర్స్ వాళ్లు, పని బాగుందని మెయింటెనెన్స్ వాళ్లు ఒప్పుకున్నాకే బిల్లు చెల్లింపుకు సిద్ధమవుతుంది. నిర్ణయించిన రోజున పేమెంట్ రన్ (గడువుకు వచ్చిన బిల్లులన్నిటినీ ఏరి, ఒక్కో పార్టీకి కలిపి ఒకే చెల్లింపు చేసే ప్రక్రియ) నడుపుతారు. ఆ ప్రక్రియ రెండు పనులు చేస్తుంది. బ్యాంకుకు చెల్లింపు ఫైలు పంపుతుంది. పార్టీకి అడ్వైస్ పంపుతుంది. మన సంస్థకు వచ్చిన అడ్వైస్ సారాంశం ఇది:

```
బిల్లు   బిల్లు మొత్తం   టీడీఎస్     నికరం
112      47,200        800      46,400
115      76,700      1,300      75,400
118      33,040        560      32,480
121    1,06,200      1,800    1,04,400
డెబిట్ నోట్ (115)              -11,800
చెల్లించినది                  2,46,880
```

టీడీఎస్ అంటే చెల్లించేవారే ముందుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. ఇక్కడ అది జీఎస్టీ కలపక ముందున్న విలువపై 2 శాతం. 112వ బిల్లులో పని విలువ 40,000, జీఎస్టీ 7,200. కాబట్టి టీడీఎస్ 800. డెబిట్ నోట్ అంటే, మీకివ్వాల్సిన దాంట్లో ఇంత తగ్గిస్తున్నామని కొన్నవారు రాసే పత్రం. 115వ బిల్లులోని ఒక మోటారు నెల తిరగకుండానే మళ్లీ కాలింది. దాని పని విలువ 10,000, జీఎస్టీ 1,800 కలిపి 11,800 తగ్గించారు. 113వ బిల్లు ఈ పత్రంలో లేనే లేదు.

ఇప్పుడు ఈ మెయిల్ రాలేదనుకుందాం. అకౌంటెంట్ ఏం చేస్తాడు? పాత బిల్లు నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోతాడు. 112 తీరింది, 113 తీరింది, 115 తీరింది, 118 తీరింది. మిగిలిన 28,580 రూపాయలు 121కి సర్దాడు. అతని పుస్తకంలో 121 మీద ఇంకా 77,620 రావాలి. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆ డబ్బు అడుగుతాడు. అవతల, 121 ఎప్పుడో తీరిపోయింది కదండీ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఆ 77,620 ఏమిటో అడ్వైస్ చూస్తే తెలుస్తుంది. అందులో 61,360 అసలు చెల్లించని 113వ బిల్లు. 4,460 టీడీఎస్. 11,800 డెబిట్ నోట్. ఈ మూడు సొమ్ములకు మూడు వేర్వేరు దారులున్నాయి. మొదటిది ఫ్యాక్టరీ నుంచి అడిగి రాబట్టాలి. రెండోది అడగాల్సింది కాదు, సంస్థ పాన్ మీద ప్రభుత్వ ఖాతాలో కనిపిస్తుందో లేదో చూసుకుని రిటర్నులో వాడుకోవాలి. మూడోదానికి ఒప్పుకోవాలి, లేదా అభ్యంతరం చెప్పాలి. మొత్తం బాకీ అంకె సరిగ్గానే ఉన్నందువల్ల తప్పు పైకి కనబడదు. ఏడాది చివర పార్టీ ఖాతా సరిచూసుకునేదాకా అది అలాగే దాక్కుని ఉంటుంది.

ట్యాలీ వాడేవారికి ఇంకో అలవాటుంది. బిల్లు తెలియనప్పుడు జమను `On Account` అని వేసేస్తారు. వివరం తెలిసేదాకా అది న్యాయమైన పద్ధతే, తప్పుడు బిల్లు మీద కొట్టడం కంటే మేలు. అడ్వైస్ వచ్చాక దాన్ని `Agst Ref` కింద ఒక్కో బిల్లుకూ మార్చాలి. చాలాచోట్ల ఆ రెండో పని జరగదు. అప్పుడు ఐదు బిల్లులూ బాకీగానే కనిపిస్తాయి, పక్కన పేరు లేని జమ ఒకటి వేలాడుతుంటుంది.

ఈ సర్దుబాటు కేవలం లెక్కల సౌకర్యమే అనిపించవచ్చు. దీని వెనక 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం ఉంది. ఆ చట్టం 59వ సెక్షన్ ప్రకారం, పలు బాకీలున్న వ్యక్తి ఈ సొమ్ము ఫలానా బాకీకే అని చెప్పి ఇస్తే, తీసుకున్నవారు దాన్ని ఆ బాకీకే జమ చేయాలి. చెప్పకుండా ఇస్తే, దేనికి జమ చేసుకోవాలన్నది తీసుకున్నవారి ఇష్టం అంటుంది 60వ సెక్షన్. ఇద్దరూ తేల్చకపోతే కాలక్రమంలో పాత బాకీ ముందు తీరుతుందంటుంది 61వ సెక్షన్. అకౌంటెంట్లు అలవాటుగా చేసే 'పాతది ముందు' పద్ధతి ఈ మూడో నియమంతో సరిపోతుంది. అడ్వైస్ వచ్చిందంటే మొదటి నియమంలోకి వెళ్లినట్టే. ఈమెయిల్ అన్నది 1872లో లేకపోయినా, ఇవ్వాల్సినవారు తెలిపిన ఉద్దేశం అన్నది ఉంది.

ఇటీవల ఏ బిల్లు తీరింది అన్న ప్రశ్నకు బరువు పెరిగింది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల బిల్లును రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను వైపూ ఒక ముడి పడింది. ఆ గడువు దాటించిన బిల్లును, డబ్బు నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే కొన్నవారు ఖర్చుగా చూపుకోగలరు. రెండు లెక్కలూ బిల్లువారీగా నడిచేవే. మన ఉదాహరణలో 113వ బిల్లుకు గడువు దాటి ఉండవచ్చు. వైండింగ్ సంస్థ పుస్తకంలో అది తీరినట్టు ఉంటే, ఆ వడ్డీ హక్కు సంగతి ఎవరికీ గుర్తురాదు.

అందుకే అడ్వైస్ రాగానే, ఉన్న బిల్లులను టిక్కు పెట్టడంతో పాటు లేని బిల్లేదో చూడాలి. 112, 115 మధ్య 113 ఎందుకు జారిపోయింది? చాలాసార్లు కారణం చిన్నదే. పని పూర్తయినట్టు సంతకం చేసిన కాగితం బిల్లుకు జతకాలేదు. లేదా మెయింటెనెన్స్ ఇంజనీరు సెలవులో ఉన్నాడు. కారణం ఇలాంటిదైతే 121 గురించి వాదించకుండా, నేరుగా ఆ కాగితం పంపితే తర్వాతి రన్‌లో డబ్బు వస్తుంది.

డెబిట్ నోట్ విషయంలో ఒక మెలిక ఉంది. జీఎస్టీ చట్టంలో అమ్మినవారి పన్నును తగ్గించేది కొన్నవారి డెబిట్ నోట్ కాదు, అమ్మినవారు ఇచ్చే క్రెడిట్ నోట్ (బిల్లు విలువ తగ్గిస్తున్నట్టు ఇచ్చే పత్రం). 11,800 కోతను సంస్థ ఒప్పుకుంటే, తానే క్రెడిట్ నోట్ రాసి రిటర్నులో చూపాలి. అసలు బిల్లు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దీనికి ఆఖరి గడువు. వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే అప్పుడే ముగుస్తుంది. కోత సంగతే తెలియకపోతే, చేతికి రాని డబ్బు మీద కట్టిన 1,800 జీఎస్టీ తిరిగి రాదు.

ఇక రిఫరెన్సులు. అడ్వైస్‌లో రెండు మూడు రకాల నంబర్లు కలిసి కనిపిస్తాయి. ఒకటి మన బిల్లు నంబరు. ఒకటి ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ ఆ బిల్లుకు ఇచ్చుకున్న సొంత నంబరు, అది మనకు పనికిరాదు. మూడోది చెల్లింపు నంబరు. బ్యాంకు స్టేట్‌మెంటుతో జత కలిపేది యూటీఆర్ (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే ప్రత్యేక సంఖ్య). నెఫ్ట్‌లో అది 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌లో 22. కొన్ని కంపెనీల అడ్వైస్‌లో యూటీఆర్ ఉండదు. రన్ నడిచిన వెంటనే మెయిల్ వెళ్లిపోతుంది, బ్యాంకు యూటీఆర్ ఇచ్చేది ఆ తర్వాత కాబట్టి. అప్పుడు తేదీ, మొత్తం కలిపి చూసుకోవడమే దారి.

మన బిల్లు నంబరు కూడా మారిపోవచ్చు. అవతలి గుమస్తా `MW/25-26/118` అన్నదాన్ని ఉత్త 118 అని ఎక్కిస్తే, కిందటేడాది 118వ బిల్లుతో గందరగోళం వస్తుంది. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. గీతలూ అడ్డుగీతలూ లేని పొట్టి నంబరు పెట్టుకుంటే తప్పులు తగ్గుతాయి. మెయిల్ ఎవరికి వెళ్తుందన్నదీ అడగాలి. పార్టీగా నమోదైన రోజున ఇచ్చిన చిరునామాకే అది వెళ్తుంది. ఆ చిరునామా ఉద్యోగం మానేసిన గుమస్తాదైతే, అడ్వైస్‌లు పంపుతున్నామని వాళ్లూ, రావడం లేదని వీళ్లూ అంటూనే ఉంటారు.

రెమిటెన్స్ అడ్వైస్ పేరుతో మోసపు మెయిళ్లూ వస్తాయి. డబ్బు వచ్చిందంటే ఎవరైనా ఆత్రంగా తెరుస్తారు కాబట్టి దొంగలకు ఆ పేరు నచ్చుతుంది. జతచేసిన ఫైలు తెరవగానే ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే, ఖాతా వివరాలు 'ధ్రువీకరించమంటే', అది అడ్వైస్ కాదు. నిజమైన అడ్వైస్ చెప్తుంది, ఏమీ అడగదు. పని క్రమాన్ని తిరగేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది: ముందు బ్యాంకు యాప్‌లో జమ చూడాలి, అది ఉంటేనే ఆ మొత్తానికి సరిపోయే మెయిల్ వెతకాలి. జమ లేకుండా వచ్చిన అడ్వైస్‌ను తెరవకుండా, ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి.