ముక్కు మాత్రం నాయనది కాదు

హగరి ఒడ్డు మీది మోక బళ్లారి జిల్లాలో ఉంది, ఆంధ్ర సరిహద్దు పక్కనే. బోర్డు కన్నడలో, బేరం తెలుగులో సాగే ఇలాంటి ఊళ్ల ఫోటో స్టూడియోలకు తరచూ వచ్చే పని ఒకటుంది. ఇంటి పెద్ద పోతాడు. గోడకు పటం కట్టించాలి. దొరికింది ఆయన ఫోన్‌లోని సెల్ఫీ ఒక్కటే. స్టూడియోలో శాలువా కప్పుకుని కూర్చున్న మరొకరి పోర్ట్రెయిట్ ఉంటుంది. ఆ తల స్థానంలో ఈ తల పెడతారు. రంగు కలుస్తుంది, వెలుగూ కలుస్తుంది. కొడుకు మాత్రం పటం వంక చూసి, "అన్నీ మా నాయనవే అన్నా, ముక్కు మాత్రం గాదు" అంటాడు.

ఆ కొడుకు చూపు సరైనదే. తప్పు లెన్స్‌ది అంటారు గానీ అసలు తప్పు దూరానిది. ఫోన్ లెన్స్‌కీ ముక్కు కొసకీ మధ్య 30 సెంటీమీటర్లే ఉందనుకుందాం. కళ్లు అంతకన్నా 4, చెవులు 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. అంటే ముక్కు 30 దగ్గర, చెవులు 42 దగ్గర. చెవులతో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే మనిషిని అయిదడుగుల నుంచి, అంటే 150 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 8 శాతమే. రెండింటినీ పోల్చి చూస్తే సెల్ఫీ ముక్కు సుమారు 30 శాతం ఎక్కువ. అమెరికాలో ముఖ శస్త్రవైద్యుడు బోరిస్ పస్కోవర్, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఓహద్ ఫ్రైడ్ తదితరులు 2018లో ప్రచురించిన లెక్కలోనూ 12 అంగుళాల సెల్ఫీకి దాదాపు ఇంతే తేలింది.

ఫోటోషాప్‌లోని Lens Correction వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ఫ్రేము అంచుల్లో వంగిన గీతల్ని తిన్నగా చేస్తుంది. దగ్గరితనం వల్ల పెద్దదైన ముక్కు దాని పరిధిలోకి రాదు.

ముందు దూరం తెలియాలి. పెద్దవాళ్ల కంటి నల్లగుడ్డు, అంటే ఐరిస్, అడ్డంగా సుమారు 11.7 మిల్లీమీటర్లు, మనిషి మారినా ఈ కొలత పెద్దగా మారదు. 4000×3000 ఫోటో మూల నుంచి ఎదుటి మూలకు 5000 పిక్సెళ్లు. కెమెరా ఫుల్‌ఫ్రేమ్ 24 మి.మీ. లెన్స్‌తో సమానమని ఫైలు వివరాల్లో ఉందనుకోండి:

```
f = 24 / 43.3 × 5000 ≈ 2771
దూరం = f × 11.7 / 95 ≈ 341 mm
```

ఇక్కడ 95 అనేది ఫోటోలో ఐరిస్ వెడల్పు, పిక్సెళ్లలో. కళ్లు 34 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, ముక్కు 30లో. ఫోటో క్రాప్ చేసినా, వాట్సాప్‌లో వచ్చినా ఈ లెక్క కుదరదు, ఎందుకంటే ఫైలు వివరాలు పోతాయి, పిక్సెళ్లు తగ్గుతాయి. కాబట్టి అసలు ఫైలే అడిగి తెప్పించుకోవాలి.

ఇక కూర్పు. ఫోటోషాప్‌లో సెల్ఫీ ముఖాన్ని Convert to Smart Object చేసి, పోర్ట్రెయిట్ కళ్ల మధ్య దూరానికి సరిపడా సైజు మార్చాలి. కళ్లు కలిశాక మిగిలిన లోపం అంకెల్లోనే కనిపిస్తుంది: ముక్కు సుమారు 10 శాతం పెద్దది, చెవుల దగ్గరి వెడల్పు 15 శాతం తక్కువ. సెల్ఫీలో ముఖం కోలగా, నాసిక ముందుకు ఉబికినట్టు ఉండటానికి కారణం ఇదే. Filter > Liquify తెరిచి Face Tool పట్టుకుని Nose Widthను కొద్దికొద్దిగా తగ్గించాలి. పెద్ద బ్రష్‌తో Pucker Toolను తక్కువ ఒత్తిడితో వాడితే ముక్కు పక్కన చర్మం ముడతపడదు. వెడల్పు మాత్రమే తగ్గించి వదిలేస్తే ముక్కు కత్తిలా సన్నబడుతుంది; ఎత్తు కూడా అదే పాళ్లలో తగ్గాలి. ఆ తర్వాత Face Widthను పెంచాలి. నా మాట అడిగితే, దవడ గీత నుంచి బయట ఉన్న చెవులు, జుట్టు, మెడ పోర్ట్రెయిట్‌వే ఉంచేయడం మేలు. మాస్క్ అంచును బుగ్గ మీద కాకుండా దవడ నీడలో కలపాలి.

ముగిసిందని ప్రింట్ వేసే ముందు రెండు పరీక్షలు ఉన్నాయి. ఇంట్లో ఏ పెళ్లి ఆల్బమ్‌లోనో దూరం నుంచి తీసిన ఆయన పాత ఫోటో తెప్పించి, ముక్కు వెడల్పుకీ ముఖం వెడల్పుకీ ఉన్న నిష్పత్తిని పోల్చాలి. రెండోది ఇంకా సులువు. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు కుడిఎడమలు తారుమారు చేసి సేవ్ చేస్తాయి. పుట్టుమచ్చ, పాపిడి, ఆడవాళ్లయితే ముక్కుపుడక ఏ వైపున్నాయో ఇంటివాళ్లను అడగాలి. ఫోటో తిప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం మిగుల్చుకుంటే పటం తిరిగొస్తుంది.

లెక్కలతో బాగుపడనివి కూడా ఉన్నాయి. చెయ్యి ఎత్తి పైనుంచి తీసిన సెల్ఫీలో నుదురు పెద్దది, గడ్డం చిన్నది. కళ్ల ఎత్తున తీసిన పోర్ట్రెయిట్‌కి అది అతకదు, వేరే పోర్ట్రెయిట్ వెతకడమే మార్గం. ముఖం దగ్గరగా ఉన్నప్పుడు బుగ్గలు చెవుల్ని కప్పేస్తాయి. ఫోటోలో పడని చెవిని ఏ సాగదీతా తేలేదు. ఫ్రైడ్ బృందం ప్రిన్స్‌టన్‌లో 2016లో ఒకే ఫోటో మీద త్రిమితీయ తల నమూనాను అమర్చి కెమెరా దూరాన్ని మార్చే పద్ధతి చూపించింది. అక్కడ కూడా ఫోటోలో ఉన్న పిక్సెళ్లు జరుగుతాయే తప్ప, లేని చెవి పుట్టుకురాదు.

మనిషి బతికే ఉంటే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. ఫోన్‌ను ఇంకొకరికిచ్చి, వెనక కెమెరాతో అయిదడుగుల నుంచి కళ్ల ఎత్తున ఒక ఫోటో తీయించి, క్రాప్ చేసి పంపమంటే చాలు.