పెళ్లి క్యాసెట్‌లో అమ్మమ్మ ఎందుకు దొరకలేదు?

పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే పని ఇప్పుడు విదేశాల్లోని చాలా తెలుగు ఇళ్లలో నడుస్తోంది. ఊరెళ్లినప్పుడు అటక మీంచి దింపి తెచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్‌ను ఎవరి దగ్గరో ఫైలుగా మార్పిస్తారు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. మూడు గంటల క్యాసెట్ మూడు గంటల ఒకే ఫైలుగా వస్తుంది. తలంబ్రాలు ఎక్కడున్నాయో, అప్పగింతలు ఎక్కడున్నాయో తెలియాలంటే కూర్చుని చూడాల్సిందే. అంత ఓపిక లేక, దృశ్యం మారిన ప్రతిచోటా ఒక బొమ్మ తీసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలామంది ఆశ్రయిస్తున్నారు. ఆ బొమ్మల వరుస చూసి కావలసిన చోటికి వెళ్లిపోవచ్చని వాళ్ల ఆలోచన.

నేను సింగపూర్‌లో వీడియో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి తెలిసినవాళ్లు ఇలాంటి ఫైళ్లు నా దగ్గరికి తెస్తుంటారు. మా బ్లాకులోనే ఉండే ఒక పిన్నిగారిది 1993లో తెనాలిలో జరిగిన పెళ్లి. వాళ్లబ్బాయి ఆ ఫైలు మీద సాఫ్ట్‌వేర్ నడిపి, వచ్చిన బొమ్మలన్నీ వరుసగా చూపించాడు. వాటిలో అమ్మమ్మ లేదు. ఆవిడ పెళ్లయిన కొద్ది నెలలకే పోయారట, కదిలే బొమ్మల్లో ఆవిడ ఉన్నది ఈ ఒక్క క్యాసెట్‌లోనే. "మా అమ్మ అక్షింతలు వేసింది బాబూ, నాకు బాగా గుర్తు. ఇందులో లేకపోవడమేంటి?" అని పిన్నిగారు అడిగారు. అమ్మమ్మ క్యాసెట్‌లో ఉన్నారు, బొమ్మల వరుసలోనే లేరు. అలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఏం చూస్తుందో తెలియాలి.

మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. మూడు గంటలకు 2,70,000 ఫ్రేములు. సాఫ్ట్‌వేర్‌కు పెళ్లికూతురు తెలియదు, పురోహితుడు తెలియడు. దానికి ప్రతి ఫ్రేమూ చుక్కల గుంపు, ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు వెలుగు చెప్పే అంకె. ఒక ఫ్రేములోని చుక్కను, దాని ముందు ఫ్రేములో అదే చోట ఉన్న చుక్కను పోల్చి తేడా తీస్తుంది. అన్ని చుక్కల తేడాలకూ సగటు కడుతుంది. ఆ సగటు మనం పెట్టిన హద్దు దాటితే 'ఇక్కడ దృశ్యం మారింది' అంటుంది. మూలసూత్రం ఇంతే.

ఎక్కువమంది వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ దీనికి ఒక చిన్న తెలివి జోడించింది. ఇప్పుడు వచ్చిన సగటు తేడాను మాత్రమే కాక, అది కిందటి ఫ్రేము దగ్గర వచ్చిన సగటు కంటే ఎంత మారిందో కూడా చూస్తుంది. ఈ రెండింటిలో చిన్నదాన్ని తీసుకుని 100తో భాగిస్తుంది. అదే స్కోరు. 0.3 నుంచి 0.5 మధ్య హద్దు పెడితే సరిపోతుందని దాని సూచనల్లోనే రాసి ఉంటుంది.

చిన్నదాన్నే ఎందుకు తీసుకోవాలి? కెమెరామన్ పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు కెమెరా తిప్పాడనుకోండి. ప్రతి ఫ్రేములోనూ చుక్కలన్నీ కదులుతాయి, సగటు తేడా 20, 21, 20 అని వరుసగా పెద్దగానే వస్తుంది. కానీ ఒకదానికీ ఇంకోదానికీ తేడా 1 మాత్రమే. స్కోరు 0.01. తిప్పుడును మార్పుగా పొరబడకుండా ఇది కాపాడుతుంది. నిలకడగా ఉన్న దృశ్యంలో సగటు తేడా 2 ఉండి, కట్ పడి భోజనాల పందిట్లోకి వెళ్లగానే 45 అయితే, పెరిగింది 43. స్కోరు 0.43, హద్దు దాటింది, పట్టుకుంది. లెక్క తేలికగా అర్థం కావడానికి ఈ అంకెలు నేను వేసుకున్నవి. అసలు ఫైళ్లలో అటూ ఇటూ ఉంటాయి గానీ వాటి తీరు ఇదే.

ఇప్పుడు పెళ్లిలోకి వద్దాం. మంగళసూత్రం కట్టే క్షణంలో చుట్టూ ఉన్న ఫొటోగ్రాఫర్లు ఒకరి వెంట ఒకరు ఫ్లాష్ కొడతారు. ఒక్క ఫ్లాష్‌కు ఫ్రేమంతా తెల్లబడి సగటు తేడా 2 నుంచి 60కి ఎగురుతుంది. స్కోరు 0.58, అంటే నిజమైన కట్ కంటే ఎక్కువ! ఇదివరకటి రెండు అంకెల లెక్క వల్ల ఫ్లాష్ వెలిగినప్పుడే పట్టుబడుతుంది. ఒక్క ఫ్రేములోనే ఆరిపోతే తగ్గుదల పట్టుబడదు, ఎందుకంటే అప్పుడు కూడా తేడా 60 దగ్గరే ఉంటుంది, కిందటిదానితో పోలిస్తే మార్పు సున్నా. పాల్ ఫ్రేము నిజానికి గీత విడిచి గీతగా తీసిన రెండు సగం బొమ్మల కలయిక. ఫ్లాష్ ఒక సగంలోనే పడితే గీత విడిచి గీత తెల్లబడి స్కోరు దాదాపు సగమవుతుంది. అందుకే ఒకే కెమెరా ఫ్లాష్‌లలో కొన్ని పట్టుబడి కొన్ని తప్పించుకుంటాయి. మొత్తానికి క్యాసెట్ అంతటిలో ఎక్కువ ముక్కలయ్యేది సరిగ్గా ముహూర్తం ఘట్టమే. పిన్నిగారి ఫైల్లోనూ సూత్రధారణ దగ్గర తెల్లబారిన బొమ్మలు బారులు తీరాయి.

ఆ తెల్ల బొమ్మలతో విసిగి వాళ్లబ్బాయి హద్దును 0.3 నుంచి 0.5కి పెంచాడు. అందరికీ ముందు తట్టేది అదే. ఫ్లాష్‌లు కొన్ని తగ్గాయి, వాటితోపాటు 0.43 లాంటి నిజమైన కట్‌లు కూడా పోయాయి. అసలు కష్టం ఎక్కడంటే, ఈ రెండు జాతులూ అంకెల్లో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పందిట్లోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు కట్ పడితే, రెండు వైపులా అవే పూలదండలు, అవే పట్టుచీరలు. సగటు తేడా 18 రావచ్చు, అంటే స్కోరు 0.16. కెమెరా తిరుగుతుండగా కట్ పడితే అప్పటికే 20 ఉన్నది 45 అవుతుంది, పెరిగింది 25 మాత్రమే కాబట్టి 0.25. తిప్పుడు నుంచి కాపాడిన తెలివే ఇక్కడ కట్‌ను దాచేసింది. ఫ్లాష్ 0.58, మంచి కట్ 0.43, ఇంకో రెండు కట్‌లు 0.25, 0.16. కట్‌లన్నీ ఒకవైపు, ఫ్లాష్‌లన్నీ మరోవైపు పడేలా ఎక్కడ గీత గీసినా కుదరదు.

వీటన్నిటికంటే చెడ్డది డిజాల్వ్. ఆ రోజుల్లో క్యాసెట్‌ను వీడియో మిక్సింగ్‌కు ఇచ్చి, సినిమా పాటలు వేయించి, ఒక దృశ్యం కరిగి ఇంకోదానిలో కలిసేలా చేయించడం పెద్ద ముచ్చట. రెండు దృశ్యాల మధ్య మొత్తం తేడా 50 ఉందనుకుందాం. కట్ అయితే అది ఒక్క ఫ్రేములో వస్తుంది. రెండు సెకన్ల డిజాల్వ్‌లో 50 ఫ్రేములకు పంచుకుంటుంది, ఫ్రేముకు 1. క్యాసెట్ గరగర చుక్కల తేడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. స్కోరు సున్నాకు దగ్గర. హద్దు 0.5 కాదు, 0.1 పెట్టినా దొరకదు. ఈ వైఫల్యం కంటికి కూడా కనబడదు. ఫ్లాష్ తప్పయితే తెల్ల బొమ్మ కనిపిస్తుంది, తప్పని తెలుస్తుంది. డిజాల్వ్ తప్పిపోతే ఆ దృశ్యానికి బొమ్మే ఉండదు, ముందు దృశ్యం బొమ్మ కిందే దాక్కుంటుంది. అది లేదని చెప్పే గుర్తు కూడా ఉండదు.

అందుకే హద్దు ఎంచుకునే ముందు స్కోర్లన్నీ రాయించి చూడమంటాను.

```
ffmpeg -i pelli.mp4 -vf "select='gte(scene,0)',metadata=print:file=score.txt" -f null -
```

`score.txt`లో ప్రతి ఫ్రేము సమయం, దాని కింద `lavfi.scene_score` అంకె ఉంటాయి. పెద్ద స్కోర్లు వచ్చిన ఓ ఇరవై చోట్లకు ఫైల్లో వెళ్లి చూస్తే అవి కట్‌లో, ఫ్లాష్‌లో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫ్లాష్‌ను వేరు చేయడం తేలికే. అనుమానం వచ్చిన ఫ్రేముకు ముందుదాన్ని, ఓ నాలుగైదు ఫ్రేముల తర్వాతదాన్ని పోల్చాలి. రెండూ ఒకేలా ఉంటే మధ్యలో వచ్చింది వెలుగు మాత్రమే. దండలోని ఫ్లాష్‌లు మరీ దగ్గరగా ఉంటే ఇది కూడా తడబడుతుంది.

డిజాల్వ్ సంగతికి వస్తే, దారి దొరికింది మా సింగపూర్‌లోనే అని చెప్పుకోవడం నాకిష్టం. నేషనల్ యూనివర్సిటీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సిస్టమ్స్ సైన్స్‌లో హాంగ్‌జియాంగ్ జాంగ్, అత్రేయి కంకన్‌హళ్లి, స్టీఫెన్ స్మోలియర్ 1993లో ప్రచురించిన పద్ధతి అది. తెనాలిలో ఆ పెళ్లి జరిగిన ఏడే! వాళ్లు రెండు హద్దులు పెట్టారు. పెద్ద హద్దు దాటితే కట్. చిన్న హద్దు మాత్రమే దాటితే ఆ ఫ్రేమును అనుమానంగా గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి తేడాను కూడుతూ పోతారు. మార్పు ఆగేసరికి కూడిన మొత్తం పెద్ద హద్దును దాటితే నెమ్మది మార్పు అని తీర్మానం. కెమెరా తిప్పినా తేడా అలాగే పేరుకుంటుంది కాబట్టి, చుక్కలు అన్నీ ఒకే దిశలో కదులుతున్నాయా అని వేరుగా చూసి తిప్పుడును పక్కనపెట్టారు.

ఇంట్లో అంత కార్యక్రమం రాయనక్కరలేదు. సెకనుకు ఒక్క ఫ్రేమే ఉంచి, ఆ తర్వాత పోల్చమంటే చాలు:

```
ffmpeg -i pelli.mp4 -vf "fps=1,select='gt(scene,0.1)',showinfo" -f null -
```

50 తేడా ఉన్న రెండు సెకన్ల డిజాల్వ్ ఇప్పుడు రెండు మూడు అడుగుల్లోనే పూర్తవుతుంది, అడుగుకు 25 దాకా. మామూలు కదలిక 8 ఉన్నా పెరుగుదల 17, స్కోరు 0.17. దీనికి కట్టే ధర ఏమిటంటే, ఎవరో కెమెరా ముందు నుంచి నడిచివెళ్లినా మార్పు అంటుంది. ఇంటి క్యాసెట్‌కు ఆ ధర తక్కువే. అనవసరమైన బొమ్మను కొట్టేయడానికి ఒక సెకను పడుతుంది, రాని బొమ్మ కోసం మూడు గంటలు చూడాలి. అందుకని హద్దు ఎప్పుడూ కిందికే పెట్టమంటాను. పెద్దవాళ్లు ఉన్న క్యాసెట్ అయితే, సాఫ్ట్‌వేర్ ఏమన్నా సరే, పది సెకన్లకో బొమ్మ కూడా విడిగా తీయండి. మూడు గంటలకు 1,080 బొమ్మలు, ఓ అరగంట పని. చిన్న ముక్కలు పనికిరానివని చూడకుండా చెరిపేయకండి.

పిన్నిగారి ఫైలును ఇలా నడిపితే కట్నాలు చదివించే దృశ్యం దగ్గర ఎవరికీ కనబడని మార్పు ఒకటి బయటపడింది. కట్నాల పద్దు రాస్తున్న పుస్తకం మెల్లగా కరిగి, తెల్లజుట్టు, పెద్ద బొట్టు, చేతినిండా అక్షింతలు. పదకొండు సెకన్లు. మళ్లీ కరిగి పుస్తకంలోకే వెళ్లింది. ముందూ వెనకా ఒకే బొమ్మ కావడంతో, వరుస చూసినవాళ్లకు మధ్యలో ఏదో ఉందన్న అనుమానమే రాదు. పిన్నిగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ చీర నేను కొన్నదే" అన్నారు.

క్యాసెట్ వీహెచ్ఎస్ కాక చిన్నదైన మినీ డీవీ అయితే ఈ గొడవంతా అక్కరలేదు. 1995 నుంచి వచ్చిన ఆ కెమెరాలు బొమ్మతోపాటు తేదీ, సమయం కూడా టేపులో రాస్తాయి. కెమెరా గడియారం సరిగా పెట్టి ఉంటే, సమయం ఒక్కసారిగా ముందుకు దూకిన చోటల్లా కొత్త షాట్ మొదలైనట్టే, ఫ్లాష్‌తో పనిలేదు. కాకపోతే టేపును ఫైర్‌వైర్ తీగతో నేరుగా ఎక్కించాలి. పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో టీవీకి కలిపినట్టు ఎక్కిస్తే బొమ్మ, శబ్దం వస్తాయి గానీ ఆ సమయం రాదు. ఎక్కించేవాళ్లకు క్యాసెట్ ఇచ్చేటప్పుడే ఈ మాట అడగండి.