మరకలు పడ్డ పాత ఫొటోకు మరమ్మతు

నీటి మరక పడిన పాత ఫొటో నలుపు-తెలుపుదే అయినా, దాన్ని కలర్‌లోనే స్కాన్ చేయాలి. మరకది గోధుమ రంగు, బొమ్మది బూడిద రంగు. ఈ తేడా మీదే మరమ్మతు చాలావరకు ఆధారపడి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే ఆ తేడా కాస్తా పోయి, మరక బొమ్మలో కలిసిపోతుంది.

1950ల నాటి స్టూడియో పెళ్లి ఫొటో ఒకటి ఉందనుకుందాం. కొలత 5×7 అంగుళాలు. గోడ చెమ్మకు అడుగున మరక కట్టింది, పెళ్లికూతురి చెంప మీదా చీర అంచు మీదా బూజు చుక్కలు లేచాయి, పైన కుడి మూల చిరిగింది. ఆ బూజును తడిగుడ్డతో తుడవకూడదు. ఫొటో పైపొర జెలటిన్. తడి తగిలితే ఉబ్బి, బొమ్మతో సహా లేచిపోతుంది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోనైతే లాగకుండా అద్దంతోనే స్కాన్ చేయడం మేలు. 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా చేస్తే చాలు. స్కానర్ తనంతట తాను మచ్చలు తీసే ఏర్పాటును ఆపేయాలి, అది కంటిలోని మెరుపును కూడా దుమ్ముగా లెక్కగట్టవచ్చు.

ఉచితంగా దొరికే GIMP లో ఆ ఫైలు తెరిచి, Colors → Components → Decompose లో RGB ఎంచుకుంటే బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలుగా విడిపోతుంది. నీలం పొరలో మరక నల్లగా కనిపిస్తుంది, ఎరుపు పొరలో దాదాపు మాయమవుతుంది. ఆ ఎరుపు పొరనే ఉంచుకుని పని సాగించాలి. అయినా మరక అంచు గీత కొంత మిగులుతుంది. నీరు ఆరుతూ మురికిని అంచుకు తోసి అక్కడ పేరుస్తుంది కాబట్టి ఆ గీత ముదురుగా ఉంటుంది. దాన్ని Dodge పనిముట్టుతో, బలం బాగా తగ్గించి, కొద్దికొద్దిగా తేల్చాలి.

బూజు చుక్కలకు Heal వాడాలి. బ్రష్ చుక్క కన్నా కొంచెం పెద్దగా ఉండాలి, నమూనాను అదే చెంప మీద, అంతే వెలుతురున్న చోటి నుంచి తీసుకోవాలి. చీర అంచు దగ్గర మాత్రం Heal పక్క నలుపును లాక్కుని మసక చేస్తుంది. అక్కడ Clone తో, అంచు గీత వెంబడే నడవాలి. చర్మం ప్లాస్టిక్‌లా నున్నబడినా, ఒకే ముద్ర మళ్లీ మళ్లీ కనిపించినా పని శ్రుతి మించినట్టే. బూజు కంటిపాపనే తినేసి ఉంటే రెండో కన్ను తిప్పి అతికించడం సరికాదు. వెలుతురు దిశ తారుమారై ఆ మనిషి వేరే మనిషి అవుతుంది. మచ్చను కాస్త తగ్గించి వదిలేయడమే నిజాయితీ.

చిరిగిన మూల ముక్క దొరికితే, దాన్నీ అదే సెట్టింగులతో కలర్‌లో స్కాన్ చేసి, అందులోంచీ ఎరుపు పొరే తీసి, వేరే లేయర్‌గా చేర్చి, తిప్పి అమర్చాలి. మధ్యన మిగిలే తెల్లని కాగితం గీతను Heal చెరిపేస్తుంది. ముక్క పోయి ఉంటే స్టూడియో పరదా నుంచి Clone తో నింపవచ్చు. పరదా మూలలకు పోయేకొద్దీ ముదురుతుంది కాబట్టి నమూనాను దగ్గర్నించే తీయాలి. నింపిన చోటు మరీ నున్నగా తేలితే, పక్కనున్న ఫొటో రవ్వకు సరిపడా కొంచెం నాయిస్ కలపాలి.