ఒకే యంత్రం, రెండు తరుగుదలలు

కంపెనీ బ్యాలెన్స్ షీటులో ‘డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ’ అనే పద్దు చూసి, ఆదాయపు పన్ను శాఖకు బకాయి పడ్డారేమోనని చాలామంది అనుకుంటారు. అది బకాయి కాదు. ఎక్కువసార్లు అది యంత్రాల తరుగుదల లెక్కలోంచే పుడుతుంది.

ఒక రైస్ మిల్లు కంపెనీ ఏప్రిల్‌లో 30 లక్షల రూపాయలతో కొత్త యంత్రం కొని, అప్పుడే నడపడం మొదలుపెట్టిందనుకుందాం. కంపెనీల చట్టం ఇలాంటి సాధారణ యంత్రానికి 15 ఏళ్ల ఆయుష్షు సూచిస్తుంది. చివర్లో 5 శాతం, అంటే లక్షన్నర, మిగులు విలువగా ఉంచి, తక్కిన 28.5 లక్షలను 15 ఏళ్లకు సమంగా పంచితే ఏటా 1.9 లక్షల తరుగుదల పడుతుంది. ఆదాయపు పన్ను చట్టం దారి వేరు. ఏడాది మొదట్లో మిగిలి ఉన్న విలువ మీద 15 శాతం తీసేయమంటుంది. దాంతో మొదటి ఏడాది 4.5 లక్షలు తరుగుతుంది.

తరుగుదలకు ముందు కంపెనీ లాభం 20 లక్షలనుకోండి. పుస్తకాల్లో లాభం 18.1 లక్షలు, పన్ను లెక్కలో 15.5 లక్షలే. తగ్గింపు రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సుతో కలిపి పన్ను 25.168 శాతం, లెక్క సులువుకు 25 అనుకుందాం. ఈ ఏడాది కట్టాల్సింది 3,87,500. పుస్తక లాభం మీద అయితే 4,52,500 పడేది. తేడా 65,000.

ఈ 65,000 మాఫీ కాలేదు. యంత్రం మొత్తం ఖర్చు మారదు కాబట్టి, ముందు ఎక్కువ తరుగుదల వాడుకుంటే తర్వాత తక్కువే మిగులుతుంది. అందుకే ఆ సొమ్మును ఈ ఏడాది పన్ను ఖర్చులోనే కలిపి, ఎదురుగా బాధ్యతగా చూపిస్తారు. చూపించకపోతే నికర లాభం 14.22 లక్షలుగా ఉబ్బి కనిపిస్తుంది. నిజానికి అది 13.57 లక్షలే. లెక్క సరిచూసుకోవడానికి మరో దారి ఉంది: ఏడాది చివర యంత్రం విలువ పుస్తకాల్లో 28.1 లక్షలు, పన్ను లెక్కలో 25.5 లక్షలు. మధ్యనున్న 2.6 లక్షల్లో 25 శాతం మళ్లీ 65,000.

ఆరో ఏడాది దాకా పన్ను తరుగుదలే ఎక్కువ కాబట్టి ఈ బాధ్యత పెరుగుతూ సుమారు 1.82 లక్షలకు చేరుతుంది. ఏడో ఏడాది పన్ను తరుగుదల 1.7 లక్షలకు జారి పుస్తకాల 1.9 లక్షల కంటే తగ్గుతుంది. అప్పటినుంచి పద్దు కరగడం మొదలవుతుంది.

యంత్రాన్ని ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే పన్ను చట్టం సగం తరుగుదలే ఇస్తుంది. పన్ను రేటు మారితే పాత నిల్వ మొత్తాన్నీ కొత్త రేటుతో తిరిగి లెక్కించాలి. 2019లో కార్పొరేట్ పన్ను తగ్గినప్పుడు కొత్త రేటుకు మారిన కంపెనీలు ఈ పనే చేశాయి. ఏటా కొత్త యంత్రాలు కొనే కంపెనీలో పాతవాటి పద్దు కరుగుతున్నా కొత్తవాటిది వచ్చి చేరుతుంది. అలాంటి చోట మొత్తం పద్దు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉండవచ్చు, అది ఒక్కటే ఇబ్బందికి గుర్తు కాదు.